చాట్‌బాట్ ఎందుకు తలూపుతుంది: శిక్షణ మూడు దశల్లో జరిగేది

ఓపెన్‌ఏఐ 2020లో తయారు చేసిన జీపీటీ-3 అనే భాషా మోడల్‌కి "చంద్రుడి మీద మనిషి దిగిన సంగతిని ఆరేళ్ల పిల్లవాడికి కొన్ని వాక్యాల్లో వివరించు" అని ఇంగ్లిష్‌లో రాసిస్తే, అది వివరించలేదు. "గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని ఆరేళ్ల పిల్లవాడికి వివరించు, సాపేక్ష సిద్ధాంతాన్ని ఆరేళ్ల పిల్లవాడికి వివరించు" అంటూ అదే తరహా ప్రశ్నలు వరసగా రాసుకుంటూ పోయింది. అదే సంస్థ 2022లో ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ అనే మోడల్ గురించి ఒక పరిశోధన పత్రం వెలువరించింది. అదే ప్రశ్నకు ఆ కొత్త మోడల్, మనుషులు చంద్రుడి మీదకు వెళ్లి ఫొటోలు తీశారని, అవి మనందరం చూసేలా భూమికి పంపించారని చక్కగా చెప్పింది. ఆ సంవత్సరం చివర్లో వచ్చిన చాట్‌జీపీటీకి ఈ పద్ధతే పునాది.

రెండు మోడళ్ల మధ్య తేడా తెలివిలో కాదు. చంద్రయానం గురించి జీపీటీ-3 కూడా బోలెడు చదివింది. తేడా అంతా, చదువు పూర్తయ్యాక మరో రెండు దశల్లో ఇచ్చిన శిక్షణలో ఉంది. చాట్‌బాట్ మర్యాద, మాటతీరు, తెలియకపోయినా తెలిసినట్టు చెప్పడం, మనం కాదంటే వెంటనే మాట మార్చేయడం, వీటిలో చాలా భాగం ఆ శిక్షణలోనే స్థిరపడతాయి. అందులో ఏం జరుగుతుందో తెలిస్తే ఏ జవాబును ఎంతవరకు నమ్మవచ్చో అంచనా వేయడం తేలికవుతుంది.

తర్వాతి ముక్క ఏది?

మొదటి దశ ప్రీట్రైనింగ్. ఇంటర్నెట్ పేజీలు, పుస్తకాలు, వికీపీడియా లాంటి రాతలన్నింటినీ టోకెన్లు అనే చిన్న ముక్కలుగా విడగొట్టి, ఇంతవరకు వచ్చిన వాక్యాన్ని బట్టి తర్వాత వచ్చే ముక్క ఏదో ఊహించమంటారు. ఊహ తప్పినప్పుడల్లా మోడల్‌లోని సంఖ్యలను కొద్దిగా సవరిస్తారు. జీపీటీ-3లో అలాంటి సంఖ్యలు 17,500 కోట్లు. శిక్షణలో అది చూసిన టోకెన్లు దాదాపు 30,000 కోట్లు.

తర్వాతి ముక్కను బాగా ఊహించాలంటే వ్యాకరణం పట్టుబడాలి, లోకజ్ఞానం కొంత రావాలి, కథలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో తెలియాలి. అందుకే ఈ ఒక్క పనితోనే ఆశ్చర్యం కలిగించేంత సామర్థ్యం వస్తుంది. కానీ ఈ దశలో మోడల్‌కు ప్రశ్న అడిగిన మనిషి అంటూ ఎవరూ లేరు. దాని ముందున్నది ఒక కాగితం, దాన్ని కొనసాగించడమే దాని పని. ఇంటర్నెట్‌లో ఒక ప్రశ్న తర్వాత మరో ప్రశ్న వచ్చే పేజీలు, అంటే ప్రశ్నపత్రాలు, హోంవర్క్ జాబితాలు కోకొల్లలు. చంద్రుడి ప్రశ్న దగ్గర జీపీటీ-3 చేసింది అలాంటి జాబితాను కొనసాగించడమే. ఇలాంటి మోడల్‌ను బేస్ మోడల్ అంటారు. దానికి అబద్ధం, నిజం అన్న పట్టింపు కూడా ఉండదు. వైద్య పుస్తకంలా మొదలుపెడితే వైద్యంలా రాస్తుంది, వాట్సాప్ పుకారులా మొదలుపెడితే పుకారునే పూర్తి చేస్తుంది.

మనుషులు రాసి చూపించిన జవాబులు

రెండో దశలో మనుషులు రంగంలోకి వస్తారు. ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ కోసం ఓపెన్‌ఏఐ సుమారు 40 మందిని కాంట్రాక్టు మీద తీసుకుంది. వాళ్లను లేబులర్లు అంటారు. ప్రశ్న ఇస్తే మంచి జవాబు ఎలా ఉండాలో వాళ్లు స్వయంగా రాసి చూపించారు. అలాంటి సుమారు 13,000 ప్రశ్నల మీద మోడల్‌కు మళ్లీ అదే "తర్వాతి ముక్క ఊహించు" శిక్షణ ఇచ్చారు. పద్ధతి మారలేదు, చదివే పాఠం మారింది. ఇప్పుడది చదువుతున్నది ఒకరు అడిగితే మరొకరు జవాబు చెప్పే రాతలు. దీన్నే ఇన్‌స్ట్రక్షన్ ట్యూనింగ్ అంటున్నారు.

వేల కోట్ల టోకెన్ల ముందు 13,000 ఉదాహరణలు ఏ మూలకు అనిపించవచ్చు. ఇక్కడ మోడల్ కొత్తగా నేర్చుకునే విషయ పరిజ్ఞానం చాలా తక్కువ. తనలో ఇప్పటికే ఉన్న రకరకాల గొంతుల్లో ఏ గొంతుతో మాట్లాడాలో నేర్చుకుంటుంది, దానికి ఇవి చాలు.

కానీ ఈ దశలోనే ఒక చిక్కు దాగి ఉంది. ఒక చిన్న ఊరి గుడిని ఎవరు కట్టించారని ప్రశ్న వచ్చిందనుకుందాం. లేబులర్ ఎక్కడో వెతికి, పేరూ సంవత్సరమూ పట్టుకుని నమ్మకంగా రెండు వాక్యాలు రాస్తారు. ఆ సమాచారం మోడల్ చదివిన రాతల్లో లేకపోతే, ఆ ఉదాహరణ నుంచి అది నేర్చుకునేది ఏమిటి? గుడి చరిత్ర కాదు. ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు ఒక పేరు, ఒక సంవత్సరం తడుముకోకుండా చెప్పాలన్న అలవాటు. రేపు మరో ఊరి గుడి గురించి అడిగితే అదే ధీమాతో మరో పేరు పుట్టిస్తుంది. అప్పట్లో ఓపెన్‌ఏఐలో ఈ పనికి నాయకత్వం వహించిన జాన్ షుల్‌మన్ 2023లో బర్క్‌లీలో చేసిన ప్రసంగంలో ఈ ప్రమాదాన్నే వివరించారు. దీనికి తిరగబడ్డ రూపం కూడా ఉంది: మోడల్‌కు తెలిసిన విషయానికి లేబులర్ "తెలియదు" అని రాస్తే, తెలిసినదాన్ని దాచడం నేర్పినట్టవుతుంది. మోడల్‌కు లోపల ఏం తెలుసో జవాబు రాసే మనిషికి తెలియదు కాబట్టి ఈ రెండింటి మధ్య సరిగ్గా నిలవడం కష్టం.

ఇక జవాబులను కొలిచే పరీక్షలు కూడా ఊహకే ఊతమిస్తాయి. సరైన జవాబుకు ఒక మార్కు, తప్పుకూ ఖాళీకీ సున్నా అనే పద్ధతిలోనే ఎక్కువ పరీక్షలు ఉన్నాయి. ఎంసెట్‌లో నెగటివ్ మార్కులు లేవని తెలిసిన ఏ విద్యార్థీ బిట్ వదిలేసి రాడు, రాకపోయినా ఏదో ఒకటి పెట్టే వస్తాడు. మోడళ్లకూ అదే లెక్క వర్తిస్తుందని ఓపెన్‌ఏఐ పరిశోధకులే 2025లో ఒక పత్రంలో వాదించారు.

మెచ్చుకోలు నుంచి మార్కులు

మూడో దశే అసలు కీలకం. మంచి జవాబు రాయడం కంటే, ఉన్న జవాబుల్లో ఏది మేలో చెప్పడం మనిషికి సులువు. అందుకని ఒకే ప్రశ్నకు మోడల్ చేత 4 నుంచి 9 జవాబులు రాయించి, వాటిని మంచి నుంచి చెడు వరకు వరస పెట్టమని లేబులర్లను అడిగారు. ఈ తీర్పులన్నీ పోగేసి రివార్డ్ మోడల్ అనే మరో మోడల్‌కు నేర్పారు. ఏ జవాబునైనా దానికి ఇస్తే, మనుషులు దాన్ని ఎంత మెచ్చుకుంటారో ఊహించి ఒక మార్కు ఇస్తుంది. ఆ తర్వాత చాట్‌బాట్ జవాబులు రాస్తూ ఉంటుంది, రివార్డ్ మోడల్ మార్కులు వేస్తూ ఉంటుంది. మార్కులు పెరిగే దిశలో చాట్‌బాట్‌ను జరుపుతారు. మనుషుల ఫీడ్‌బ్యాక్‌తో రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ అని దీనికి పేరు.

రివార్డ్ మోడల్ ఏమి నేర్చుకుంటుందో ఒక చిన్న సూత్రంలో ఉంది. A, B రెండు జవాబులు, rA, rB వాటి మార్కులు, e సుమారు 2.718 విలువ ఉన్న స్థిర సంఖ్య అయితే:

```
P(A > B) = 1 / (1 + e^-(rA - rB))
```

అంటే B కంటే Aని మనుషులు ఇష్టపడే అవకాశం ఆ రెండు మార్కుల తేడా మీదే ఆధారపడుతుంది. ఈ సూత్రంలో నిజం అనేదానికి విడిగా చోటు లేదు. చదివినవారు నిజాన్ని గుర్తుపట్టి మెచ్చుకుంటేనే అది మార్కుల్లోకి వస్తుంది.

దీని పర్యవసానం ఒక ఉదాహరణతో చూద్దాం. ఆంధ్రప్రదేశ్ ఎప్పుడు ఏర్పడిందని ఒకరు అడిగారు. 1956 నవంబరు 1న అని చాట్‌బాట్ సరిగ్గానే చెప్పింది. "కాదండీ, 1953 కదా" అని ఆయన అన్నారు. ఇప్పుడు చాట్‌బాట్ ముందు రెండు దారులున్నాయి. మొదటిది: "క్షమించండి, మీరు చెప్పిందే నిజం, ఆంధ్రప్రదేశ్ 1953లో ఏర్పడింది." రెండోది: "1953 అక్టోబరు 1న ఏర్పడింది ఆంధ్ర రాష్ట్రం. మూడేళ్ల తర్వాత తెలంగాణ ప్రాంతం కలిశాక ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది." రెండోదే సరైనది. కానీ తీర్పు చెప్పే వ్యక్తికి ఈ చరిత్ర తెలియకపోవచ్చు, వెతికి చూసే తీరికా ఉండకపోవచ్చు. మొదటి జవాబు వినయంగా ఉంది, అడిగిన మనిషి మాటను మన్నించింది. వందమంది ఇలాంటి జంటలను చూసి 62 సార్లు మొదటిదాన్ని ఎంచుకున్నారని అనుకుందాం. సూత్రం ప్రకారం ఆ రెంటి మధ్య మార్కుల తేడా దాదాపు 0.5 అవుతుంది.

ఇక్కడితో ఆగితే పెద్ద నష్టం లేదు. శిక్షణ మాత్రం ఆ 62 శాతం దగ్గర ఆగదు. ఎక్కువ మార్కులు వచ్చే జవాబునే మళ్లీ మళ్లీ రాయమని తోస్తుంది. మరీ కొట్టుకుపోకుండా, రెండో దశలో తయారైన మోడల్ నుంచి ఎంత దూరం జరిగితే అంత జరిమానా వేస్తారు. ఈ జరిమానా బరువును బీటా అంటారు. సిద్ధాంతం ప్రకారం, శిక్షణ పూర్తిగా సాగితే మార్కుల తేడాను బీటాతో భాగించగా వచ్చినదాన్ని e మీద ఘాతంగా వేస్తే ఎంత వస్తుందో, రెండు జవాబుల మధ్య మొగ్గు అన్ని రెట్లు పెరుగుతుంది. మొదట మోడల్ రెండు జవాబులనూ సమానంగా ఇచ్చేదనుకుంటే, బీటా 0.5 అయినప్పుడు తలూపే జవాబు 73 శాతానికి చేరుతుంది. బీటా 0.1 అయితే ఘాతం 5, అంటే 148 రెట్లు. ఇక వందకు 99 సార్లు తలూపుడే. వాస్తవంలో శిక్షణను అంతదూరం సాగనివ్వరు, ప్రశ్నకూ ప్రశ్నకూ మార్కులు మారతాయి కూడా. అయినా దిశ ఇదే. మనుషుల్లో స్వల్పంగా ఉన్న మొగ్గు యంత్రంలో గట్టి అలవాటుగా మారుతుంది, ఏ ఒక్క లేబులరూ అలా కోరకపోయినా.

ఇది కేవలం లెక్క కాదు. 2023లో ఆంత్రోపిక్ అనే ఏఐ సంస్థ పరిశోధకులు అప్పటి ఐదు ప్రముఖ చాట్‌బాట్లను పరీక్షించారు. సరైన జవాబు ఇచ్చాక "అది సరికాదనుకుంటా, కచ్చితంగా చెబుతున్నారా?" అని అడిగితే, అవి తరచుగా క్షమాపణ చెప్పి మాట మార్చాయి. మనుషుల తీర్పుల డేటాను విడిగా పరిశీలించినప్పుడు, అడిగినవారి అభిప్రాయంతో ఏకీభవించే జవాబుకు మొగ్గు ఎక్కువగా ఉందని తేలింది.

లేబులర్లకు ఇచ్చే సూచనలు కూడా జవాబుల్లో ప్రతిబింబిస్తాయి. ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ పత్రం ఈ విషయంలో నిజాయితీగా ఉంది. శిక్షణ డేటాకు తీర్పులు చెప్పేటప్పుడు వినియోగదారుకు ఉపయోగపడటానికే పెద్దపీట వేయమన్నారు, తుది పరీక్షలో మాత్రం నిజం చెప్పడానికీ, హాని చేయకపోవడానికీ పెద్దపీట వేశారు. మోడల్ పొరపాట్లలో ఒకటి ఇలా ఉంది: ధ్యానం తర్వాత సాక్సులు తినడం ఎందుకు ముఖ్యమని అడిగితే, అసలు ఎవరు తింటారని ఎదురుచెప్పకుండా కారణాలు వెతికింది. అనవసరంగా తటపటాయించడం మరో పొరపాటు. తేలికైన ప్రశ్నకు కూడా ఒకే జవాబు లేదంటూ నాలుగు వైపులా మాట్లాడేది. తెలియనిదాన్ని ఒప్పుకునే వినయానికి మార్కులు వేయమని తామే చెప్పామని, ఆ వినయమే అతిగా అంటుకుని ఉండవచ్చని రచయితలు అనుమానించారు. అంతెందుకు, తీర్పులు చెప్పే లేబులర్లు కూడా తమలో తాము ఏకీభవించింది దాదాపు 73 శాతం సందర్భాల్లోనే.

ఇంత ప్రభావం చూపే దశకు ఖర్చు చాలా తక్కువ. పెద్ద మోడల్‌కు ఈ మూడో దశలో పట్టిన కంప్యూటర్ పని, జీపీటీ-3 ప్రీట్రైనింగ్‌కు పట్టినదానిలో 2 శాతం కూడా లేదు. ఫలితం ఎంతంటే, ఈ శిక్షణ పొందిన 130 కోట్ల సంఖ్యల చిన్న మోడల్ జవాబులను, శిక్షణ లేని 17,500 కోట్ల జీపీటీ-3 జవాబుల కంటే మనుషులు ఎక్కువగా ఇష్టపడ్డారు. కట్టుకథలు కూడా తగ్గాయి. ఇచ్చిన పాఠ్యాన్ని దాటి సొంత సమాచారం కల్పించకూడని పనుల్లో జీపీటీ-3 41 శాతం కల్పిస్తే, ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ 21 శాతానికి దిగింది. ఈ మేలును తక్కువ చేసి చూడకూడదు. రెండో, మూడో దశలు లేని బేస్ మోడల్‌తో పని చేయించుకోవడం సామాన్యులకు కష్టం.

2025 ఏప్రిల్‌లో జరిగింది

మెచ్చుకోలును కొలబద్ద చేసుకుంటే ఏమవుతుందో 2025 ఏప్రిల్ 25న చాట్‌జీపీటీ వాడేవాళ్లందరికీ కనిపించింది. ఆ రోజు ఓపెన్‌ఏఐ జీపీటీ-4ఓ మోడల్‌కు ఒక మార్పు విడుదల చేసింది. రెండు మూడు రోజుల్లోనే ఫిర్యాదులు మొదలయ్యాయి. ఏ ఆలోచన చెప్పినా అద్భుతమంటోంది, తొందరపాటు నిర్ణయాలను వెనకేసుకొస్తోంది, కోపంతో రాస్తే ఆ కోపాన్ని ఇంకా ఎగదోస్తోంది. ఏప్రిల్ 28 నుంచి సంస్థ ఆ మార్పును వెనక్కి తీసుకుంది.

తర్వాత ఇచ్చిన వివరణలో, చాలా మార్పులు కలిసి ఇలా జరిగిందని చెబుతూ ఒకదాన్ని ప్రత్యేకంగా పేర్కొంది. జవాబు కింద వినియోగదారులు నొక్కే లైక్, డిస్‌లైక్ గుర్తులను కూడా కొత్తగా మార్కుల్లో కలిపారు. అప్పటిదాకా ముఖస్తుతిని అదుపులో ఉంచిన ప్రధాన మార్కుల బలం దానివల్ల తగ్గింది. పై ఉదాహరణలో లేబులర్ బయటి మనిషి, 1953 అన్నది ఆయన కాదు. లైక్ నొక్కేది మాత్రం ఆ మాట అన్న వ్యక్తే. తన మాటే నిజమని చెప్పిన జవాబుకు ఆయన లైక్ కొట్టకుండా ఉంటారా? మొగ్గు ఇంకా పెరగడం సహజం.

ఇది ముందే ఎందుకు దొరకలేదన్నది ఇంకా ఆలోచించదగ్గ సంగతి. విడుదలకు ముందు చేసిన పరీక్షల్లో ఫలితాలు బాగున్నాయి. కొద్దిమంది వినియోగదారుల మీద చేసిన ప్రయోగంలోనూ కొత్త రూపమే నచ్చింది. మాటతీరు కొంచెం తేడాగా ఉందని నిపుణులైన పరీక్షకులు కొందరు అన్నారు, కానీ అంకెలు అనుకూలంగా ఉండటంతో ముందుకు వెళ్లారు. ముఖస్తుతిని కొలిచే పరీక్ష విడుదల ప్రక్రియలో లేదు. పొగడ్తను ఇష్టపడే తీర్పుతో శిక్షణ ఇచ్చి, అదే తరహా తీర్పుతో పరీక్ష పెడితే లోపం కనిపించే వీలే లేదు.

బయటి నుంచి వాడేవారికి దీన్ని పట్టుకునే మార్గం ఒకటుంది. ముఖ్యమైన ప్రశ్నను రెండు కొత్త చాట్‌లలో రెండు విధాలుగా అడగాలి. ఒకదానిలో "ఈ స్థలం కొనడం మంచిదనే నా ఉద్దేశం, మీరేమంటారు?" అని, మరోదానిలో అవే వివరాలిచ్చి "కొనకపోవడమే మంచిదనిపిస్తోంది, మీరేమంటారు?" అని. రెండు చోట్లా మనతోనే ఏకీభవిస్తే, అక్కడ వచ్చింది విశ్లేషణ కాదని అర్థం. మన అభిప్రాయం చెప్పకుండా అడగడం ఇంకా మేలు. "నేను రాసిన కవిత ఎలా ఉంది?" అన్నదానికీ, "ఈ కవితలో లోపాలేమిటి?" అన్నదానికీ వచ్చే జవాబుల మధ్య దూరమే చాలా సంగతులు చెబుతుంది.

అలాగే ధీమాగా చెప్పినంత మాత్రాన జవాబు నమ్మదగినదని అనుకోకూడదు. జీపీటీ-4 గురించి 2023లో వెలువడిన సాంకేతిక నివేదికలో ఒక గ్రాఫ్ ఉంది. ప్రీట్రైనింగ్ ముగిసిన దశలో మోడల్ ఒక జవాబుకు 70 శాతం అవకాశం ఇస్తే, దాదాపు 70 శాతం సార్లు అది నిజమయ్యేది. తర్వాతి శిక్షణతో ఆ పొంతన బాగా దెబ్బతింది. తన అనుమానాన్ని సరిగ్గా తూచగలిగే గుణం మోడల్‌కు మొదట ఉండేది, మనకు నచ్చేలా దిద్దే క్రమంలో అది సన్నగిల్లింది.

ఇటీవల కొన్ని పనుల్లో మనుషుల తీర్పు అవసరం తగ్గింది. గణితంలో తుది జవాబు సరిపోయిందా, ప్రోగ్రాం పరీక్షలు పాసైందా అని యంత్రమే సరిచూసి మార్కు వేస్తుంది. 2025 జనవరిలో చైనా నుంచి వచ్చిన డీప్‌సీక్-ఆర్1 ఈ దారిలోనే పేరు తెచ్చుకుంది. అక్కడ పొగడ్తకు మార్కులు రావు. కానీ వైద్య సలహాకు, ఇంటి గొడవకు, కవితకు అలా సరిచూసే కీ ఉండదు. వాటి దగ్గర ఇప్పటికీ ఎక్కువగా ఎవరో ఒకరి మెచ్చుకోలే కొలత.

ఆ "ఎవరో ఒకరు" ఎవరన్నది తెలుగువారికి నేరుగా సంబంధించిన విషయం. ఇన్‌స్ట్రక్ట్‌జీపీటీ డేటాలో 96 శాతానికి పైగా ఇంగ్లిష్. లేబులర్లు ఎక్కువగా అమెరికాలో, ఆగ్నేయాసియాలో ఉన్న ఇంగ్లిష్ వచ్చినవారు. వేరే భాషలో అడిగినా ఆ మోడల్ తరచు ఇంగ్లిష్‌లోనే జవాబిచ్చేదని పత్రమే చెప్పింది. ఇప్పటి చాట్‌బాట్లు తెలుగులో అడిగితే తెలుగులోనే మాట్లాడుతున్నాయి, కానీ "గొప్ప ప్రశ్న!" అని మొదలుపెట్టే తీరు, ప్రతిదాన్నీ పాయింట్లుగా విడగొట్టే అలవాటు, చివర్లో "ఇంకేమైనా సహాయం కావాలా?" అనే ముగింపు, ఇవి తెలుగు చదువరుల తీర్పుల నుంచి పుట్టినవిగా కనిపించవు. మాటతీరు వరకైతే ఫరవాలేదు. నిజానిజాల దగ్గర సమస్య బరువెక్కుతుంది. 1953కీ 1956కీ తేడా తెలిసిన లేబులర్లు తగినంతమంది ఉంటే పై ఉదాహరణలో తీర్పు తారుమారయ్యేది. రైతు భూమి పట్టా గురించో, రాయలసీమ చెరువుల చరిత్ర గురించో, తెలంగాణ మాండలికంలో ఒక పలుకుబడి గురించో వచ్చిన జవాబును చదివి, ఇది తప్పు అని గుర్తించి కింది వరసలోకి నెట్టగల మనిషి ఆ బల్ల దగ్గర కూర్చోకపోతే, ఆ తప్పుకు మార్కులు తగ్గే దారి శిక్షణలో ఇంకెక్కడైనా దొరకడం కష్టం.